పందొమ్మిది పేజీలు ఎవరివి?

థీసిస్ మూడోసారి వెనక్కి వచ్చింది.

పంతులమ్మ దాన్ని లైబ్రరీ కౌంటర్ మీద నుంచి రెండు చేతులతో అందుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, రెండువందల నలభై మూడో పేజీ తెరిచింది. మళ్ళీ అదే పేజీ, గ్రంథాల జాబితాలో అదే ఎంట్రీ. పక్కన మార్జిన్‌లో సన్నటి పెన్సిల్‌తో అదే ప్రశ్న: "ఎవరు రాశారు?"

పంతులమ్మ అన్నది ఇంట్లో పెట్టిన పేరు. పదహారేళ్ళుగా ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్తోంది. ముప్ఫై అయిదేళ్ళు దాటాక పిహెచ్‌డిలో చేరి, నవలల్లో పాత్రలు రాసుకునే ఉత్తరాల మీద ఆరేళ్ళు పని చేసి, రెండువందల అరవై పేజీలు పూర్తి చేసింది. గడువు ఇంకో తొమ్మిది రోజులుంది. అన్నీ అయిపోయాయి. ఈ ఒక్క ఎంట్రీ మాత్రం గొంతులో ముల్లులా దిగనంటోంది.

యూనివర్సిటీలో ఏ థీసిస్ అయినా ఆఫీసుకు చేరాలంటే ముందు లైబ్రరీ పై అంతస్తులో ఉన్న తనిఖీ విభాగం దాటాలి. విభాగమంటే ఒక కౌంటరు, ఒక స్టీలు స్కేలు, ఒక పెన్సిలు, వాటి వెనకాల ఒక పెద్దావిడ. ఆమె ప్రతి థీసిస్ చివరా ఉండే గ్రంథాల జాబితాలో ప్రతి వరస కిందా స్కేలు పెట్టి, చుక్కా కామా విడవకుండా చదువుతుంది. ఒకసారి ఎవరిదో నాలుగువందల పేజీల థీసిస్‌ని ఒక్క చుక్క తక్కువైందని వెనక్కి పంపిందట. అప్పట్నుంచి ఆమెకి చుక్కమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ సంగతి ఆమెకీ తెలుసు. పట్టించుకోదు.

గొడవంతా ఒక వ్యాసం గురించి. పేరు "పోస్టు చెయ్యని ఉత్తరాలు". పంతులమ్మ థీసిస్‌లో నాలుగో అధ్యాయం మొత్తం దాని భుజాల మీదే నిలబడింది. పద్నాలుగు చోట్ల దాన్ని ఉదహరించింది. కానీ ఆమె దగ్గరున్నది పుస్తకం కాదు, జిరాక్సు కాగితాలు. ఎవరో సీనియర్ ఇంకెవరో సీనియర్ దగ్గర తీయించుకున్నవి. చేతులు మారీ మారీ అక్షరాలు బూడిద రంగుకి తిరిగాయి. మొదటి కాగితం ఎప్పుడో పోయింది. ఉన్నవి నూట పద్నాలుగో పేజీ నుంచి నూట ముప్ఫై ఒకటి దాకా. ఎడమ పేజీల నెత్తిన పుస్తకం పేరు, కుడి పేజీల నెత్తిన వ్యాసం పేరు ఉన్నాయి. రాసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. పైన ఖాళీలో ఏ పుణ్యాత్ముడో పెన్నుతో ఇద్దరి పేర్లు రాసి పెట్టాడు. ఆ ఇద్దరూ పుస్తకానికి సంపాదకులు. పంతులమ్మ ఆ పేర్లే తీసుకుని ఆ వ్యాసం వాళ్ళు రాసిందే అన్నట్టు పెట్టేసింది.

ఇందులో ఆమెకి అనుమానం రాకపోవడానికి బలమైన కారణం ఉంది. ఆ ఇద్దరిలో ఒకాయన సాక్షాత్తూ ఆమె గైడు.

గైడు గారు శాఖాధిపతి. "ఏం టైమయింది సార్?" అని అడిగినా "ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక చిన్న విషయం..." అని మొదలుపెడతారు కాబట్టి విద్యార్థులు ఆయన్ని ముందుమాట గారు అంటారు. రెండో సంపాదకుడు ఆయన సొంత తోడల్లుడు. అదే ఊళ్ళో వేరే యూనివర్సిటీలో ప్రొఫెసరు. అక్కాచెల్లెళ్ళని చేసుకున్న ఈ ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్కూటరు మీద తిరిగేవారు. ఇరవై రెండేళ్ళ కిందట ఆ పుస్తకం వచ్చిన రోజు నుంచీ మాటల్లేవు. కారణం చిన్నదే. అట్ట మీద ముందుమాట గారి పేరు ముందుంది. లోపల టైటిల్ పేజీలో తోడల్లుడి పేరు ముందుంది. ప్రెస్సులో ఎవరు చేసిన పొరపాటో తేలలేదు. నువ్వు మార్పించావంటే నువ్వు మార్పించావని ఇద్దరూ అనుకుని, ఇంటి శుభకార్యాల్లో కూడా చెరో చివర కూర్చోవడం మొదలుపెట్టారు.

పంతులమ్మ మొదట ముందుమాట గారి పేరు ముందు పెట్టింది. చుక్కమ్మ "ఎవరు రాశారు?" అని వెనక్కి పంపింది. గైడు దగ్గరికి పరిగెత్తింది.

"దీనికి జవాబు చెప్పేముందు ఒక చిన్న విషయం," అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఎవరు రాశారేంటి? పేర్లు కనబడట్లేదా ఆవిడకి? మేమే. నా పేరే ముందు. అలాగే ఉంచు."

అదే వారం థీసిస్ సమర్పణకి ముందు జరిగే సెమినార్ జరిగింది. దానికి కమిటీ సభ్యుడిగా తోడల్లుడు గారు వచ్చారు. పంతులమ్మ తెర మీద ఆ వ్యాసంలోని వాక్యం చూపించింది: "పోస్టు చెయ్యని ఉత్తరం అబద్ధమాడదు, ఎందుకంటే దానికి మెప్పించాల్సిన మనిషి లేడు."

తోడల్లుడు గారు కళ్ళు మూసుకుని తలూపారు. "ఈ వాక్యం నాకు బాగా గుర్తు. వర్షం పడుతుంటే వరండాలో కూర్చుని రాశాను."

"ఆ రోజు కరెంటు లేదు," అన్నారు ముందుమాట గారు గోడ వైపు చూస్తూ. "కొవ్వొత్తి వెలుగులో రాశాను నేను."

సభలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఎవరి వైపు అన్న ప్రశ్న వస్తుంది. చివర్లో తోడల్లుడు గారు కాగితం మీద సూచన రాసిచ్చారు: టైటిల్ పేజీ ప్రకారం నా పేరు ముందుండాలి.

ముందున్న పేరు వెనక్కి జరిపితే సరిపోదు. జాబితా అక్షర క్రమంలో ఉంటుంది కాబట్టి ఎంట్రీ రెండు పేజీలు దాటి ఇంకో చోటికి దూకుతుంది. లోపల పద్నాలుగు చోట్ల బ్రాకెట్లలో పేర్లు తిరగెయ్యాలి. పంతులమ్మ ఒక ఆదివారమంతా కూర్చుని తిరగేసింది. చుక్కమ్మ "ఎవరు రాశారు?" అని వెనక్కి పంపింది. గైడు అది చూసి అలిగారు. మళ్ళీ తిరగేసింది. ఇప్పుడు మూడోసారి కూడా అదే వచ్చింది.

ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పకుండానే సోఫాలో కూలబడింది.

"ఏమైందే?" అంది అత్తగారు పేపరు మడిచి.

"ఎమ్మెల్యే ప్రకారం లేదని వెనక్కి ఇచ్చేశారు అత్తయ్యా."

అత్తగారి మొహం ఎర్రబడింది. "చదువుకున్న పిల్ల కాగితాలతో ఎమ్మెల్యేకేం పని? ఏ ఎమ్మెల్యే? మన వీధి చివర పత్రికాయన ఉన్నాడు, పేపర్లో వేయిద్దాం. దుమ్ము దులిపేస్తాడు."

"ఆ ఎమ్మెల్యే కాదు అత్తయ్యా. ఎమ్, ఎల్, ఏ. పుస్తకాల పేర్లు ఏ వరసలో రాయాలో చెప్పే పద్ధతి."

"పద్ధతికి కూడా అధికారం ఇచ్చారూ!" అంది అత్తగారు, ఇంకా కోపం దిగక.

మర్నాడు మధ్యాహ్నం పంతులమ్మ తాడో పేడో తేల్చుకుందామని లైబ్రరీకి వెళ్ళింది. చుక్కమ్మ భోజనానికి లేవబోతోంది.

"మేడమ్, ఒక్క మాట. పేర్ల వరస ఎలా పెట్టమంటారో మీరే చెప్పండి. అట్ట ప్రకారమా, టైటిల్ పేజీ ప్రకారమా?"

"టైటిల్ పేజీ ప్రకారం," అంది చుక్కమ్మ. "అట్టని ఎప్పుడూ నమ్మకూడదు. అట్ట అమ్మకానికి, టైటిల్ పేజీ ఆధారానికి. కానీ నేనడిగింది అది కాదు కదా."

"ఎవరు రాశారనేగా? ఇదిగో, ఈ ఇద్దరూ..." అని జిరాక్సు చూపించింది.

"ఆ ఇద్దరూ పుస్తకానికి సంపాదకులు. వ్యాసం ఎవరు రాశారు?"

చుక్కమ్మ పంతులమ్మ భుజానికి వేలాడుతున్న సంచీలోని టిఫిన్ బాక్సు వైపు చూసింది. మూత మీద కాగితం అంటించి పేరు రాసి ఉంది.

"ఆ బాక్సు ఎవరిది?"

"మా ఆయనదండీ. ఆఫీసులో పోతోందని పేరు అంటించుకున్నారు. ఇప్పుడు నేను తెచ్చుకుంటున్నాను."

"లోపల వంట?"

"మా అత్తగారిది."

"తిన్నవాళ్ళు బాగుందంటే ఎవరి పేరు చెప్తారు? మీ ఆయన పేరా?"

పంతులమ్మ బాక్సు వైపు, తర్వాత జిరాక్సు వైపు చూసింది. నిజానికి కాలేజీలో తోటి టీచర్లు మూత మీద పేరు చూసి రెండేళ్ళుగా ఆమె భర్త వంటని తెగ పొగుడుతున్నారు. ఆమే సరిదిద్దలేదు.

"వ్యాసాలు పదకొండుంటే పదకొండు మంది రాసి ఉండొచ్చు," అంది చుక్కమ్మ. "అన్నీ కలిపి పెట్టినది పుస్తకం. ఎమ్మెల్యే వాళ్ళు దాన్నే కంటెయినర్ అన్నారు. మీరు వాడుకున్నది లోపలిది. కాబట్టి ముందు అది రాసినవాళ్ళు, తర్వాత దాని పేరు. ఆ తర్వాతే అది ఎందులో ఉందో, ఆ పుస్తకాన్ని ఎవరు కూర్చారో, ఎవరు అచ్చేశారో, ఏ ఏడో, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకానో. మీరు బాక్సు పేరు తెచ్చి వంటవాళ్ళ చోట పెట్టారు. అసలు పుస్తకం చూశారా మీరు?"

"లేదండీ."

"మొదటి పేజీ కూడా లేకుండా నూట పద్నాలుగు అని మొదలుపెట్టారు. వ్యాసం ఏదైనా రెండో పేజీలో మొదలవుతుందా అమ్మా?"

పంతులమ్మ సిగ్గుతో నేల చూసింది. "పుస్తకం ఇక్కడ ఉందా మేడమ్?"

"ఒకటే కాపీ. లైబ్రరీకి వచ్చిన రోజు నుంచీ మీ గైడు గారి దగ్గరే ఉంది. ఏటా రెన్యువల్ కాగితం పంపిస్తారు, పుస్తకం మాత్రం రాదు." చుక్కమ్మ తన టిఫిన్ డబ్బా తీసుకుని లేచింది. ఒక్క క్షణం ఆగి, "త్వరగా చూడండి. ఎనిమిది రోజులే ఉంది," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం పంతులమ్మ గైడు గారి ఇంటికి వెళ్ళింది. ఆయన ఇంకా రాలేదు. హాల్లో ఆయన భార్య, ఆవిడ చెల్లెలు టీ తాగుతున్నారు. చెల్లెలంటే తోడల్లుడు గారి భార్యే. భర్తలు మాట్లాడుకోకపోయినా అక్కాచెల్లెళ్ళు వారానికి మూడు రోజులు కలుస్తారు. ఒకరి మొగుడి గురించి ఒకరు చెప్పుకుని ఇద్దరూ నవ్వుకుంటారు.

పంతులమ్మ సంగతి చెప్పింది. అక్కగారు వెంటనే లేచింది.

"ఆ పుస్తకమేగా? అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళం చెవి ఆయన దగ్గరుందనుకుంటారు. రెండోది నా దగ్గరుంది."

బీరువాలో ఆ పుస్తకం అట్ట బయటికి కనబడేలా నిలబెట్టి ఉంది. పేరు "ఇల్లు చేరని కబుర్లు". అట్ట మీద ముందుమాట గారి పేరే ముందు. తెరిస్తే టైటిల్ పేజీలో తోడల్లుడిదే ముందు. పంతులమ్మ వాటిని దాటి విషయసూచిక తీసింది. వేలు పెట్టి దిగుతూ ఏడో వరస దగ్గర ఆగింది. "పోస్టు చెయ్యని ఉత్తరాలు". ఎదురుగా పేజీ నూట పదమూడు. వ్యాసం పేరు కింద ఒక ఆడమనిషి పేరు.

ఆ పేరు పంతులమ్మ ఎక్కడో చూసింది. రోజూ చూస్తోంది. లైబ్రరీ పై అంతస్తులో, కౌంటరు మీద, స్టీలు స్కేలు పక్కన ఉన్న నేమ్‌ప్లేటు మీద.

"చుక్కమ్మ!" అంది గట్టిగా.

"ఏ అమ్మ?" అంది అక్కగారు. పేరు చదివి తనూ కేక పెట్టింది. "అయ్యో, ఈ అమ్మాయా! మీ బావగారి దగ్గర రీసెర్చి చేసింది, గుర్తుందా చెల్లీ? ఇదే హాల్లో, ఆ మూల కూర్చుని రాసేది. వాళ్ళ నాన్న మంచం పట్టేసరికి చదువు మధ్యలో ఆపేసి లైబ్రరీలో ఉద్యోగంలో చేరిపోయింది."

"వర్షం పడుతుంటే వరండాలోంచి కాగితాలు లోపలికి తెచ్చింది కూడా ఆ అమ్మాయే," అంది చెల్లెలు. "కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించి ఇచ్చింది నువ్వు. ఆ పిల్ల వర్షాన్ని మా ఆయన, కొవ్వొత్తిని మీ ఆయన పంచుకున్నారన్న మాట!"

"సొమ్మొకడిది సోకొకడిది," అంది అక్కగారు. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వారు.

సరిగ్గా అప్పుడే ముందుమాట గారు లోపలికి వచ్చారు. తెరిచిన బీరువా చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏం జరుగుతోందిక్కడ?"

పంతులమ్మ లేచి నిలబడింది. ఆరేళ్ళలో గైడుకి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. పుస్తకం ఆయన ముందు పెట్టి, విషయసూచికలో ఏడో వరస మీద వేలు ఉంచింది.

"సార్, ఈ వ్యాసం మీరు రాయలేదు."

ఆయన చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"దీని గురించి మాట్లాడేముందు ఒక చిన్న..." అని మొదలుపెట్టి, మిగతాది దొరక్క ఊరుకున్నారు. ఆయన మాట మధ్యలో ఆగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"నేనే అచ్చుకి సరిచేశాను," అన్నారు కాసేపటికి. "నాలుగుసార్లు చదివాను. చదివీ చదివీ నాదే అనిపించింది కాబోలు." తర్వాత గొంతు సవరించుకుని, "సరే. ఎంట్రీ ఎలా వస్తుందో రాసి చూపించు," అన్నారు.

పంతులమ్మ ఒక కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఆయన పక్కనుంచి వంగి చూస్తున్నారు. మొదట చుక్కమ్మ ఇంటిపేరు, కామా, అసలు పేరు, చుక్క. తర్వాత కొటేషన్ గుర్తుల్లో వ్యాసం పేరు, కొటేషన్ మూసేముందు చుక్క. తర్వాత వాలు అక్షరాల్లో పుస్తకం పేరు, కామా.

"ఇప్పుడు మేమా?" అన్నారాయన.

"ఇప్పుడు మీరే సార్. సంపాదకులు ఫలానా అండ్ ఫలానా. ఇక్కడ ఇంటిపేరు ముందుకి తిప్పక్కర్లేదు, టైటిల్ పేజీ మీద ఎలా ఉంటే అలాగే." ఆమె తోడల్లుడి పేరు రాసి, ఆయన పేరు రాసింది. కామా. ప్రచురణ సంస్థ, కామా. సంవత్సరం, కామా. పేజీలు నూట పదమూడు నుంచి నూట ముప్ఫై ఒకటి, చుక్క.

ఆయన వరసంతా వేలితో లెక్కపెట్టారు. "నేను ఇంత వెనకా?"

"మీరిద్దరూ వెనకే సార్. ఇందులో ముందు చోటు రాసినవాళ్ళది. బ్రాకెట్లో కూడా ఆవిడ ఇంటిపేరూ పేజీ నంబరే వస్తాయి."

"ఇరవై రెండేళ్ళు," అన్నారాయన ఎవరితోనో అన్నట్టు. "ముందు ఎవరన్న దాని మీద ఇరవై రెండేళ్ళు కొట్టుకున్నాం. మాకు ముందు చోటే లేదా?"

"పుస్తకం మొత్తాన్ని ఉదహరిస్తే ఉంటుంది సార్. అప్పుడు సంపాదకుల పేర్లతోనే మొదలవుతుంది, పక్కన సంపాదకులు అని రాయాలి."

ఆయన మొహం కాస్త వెలిగింది. "అయితే మొత్తాన్ని ఉదహరించు."

"నేను వాడుకుంది పందొమ్మిది పేజీలే సార్."

"నా ముందుమాట కూడా ఉంది అందులో. పద్నాలుగు పేజీలు."

"నా థీసిస్‌లో దాన్నెక్కడా వాడలేదు సార్," అంది పంతులమ్మ చాలా మెల్లగా. "వాడనిది జాబితాలో పెట్టకూడదు కదా. మీరే నేర్పారు."

గైడు గారు ఆమె వైపు కాసేపు చూశారు. కోప్పడతారేమో అని అక్కగారు టీ కప్పు పట్టుకుని సిద్ధంగా నిలబడింది. ఆయన మాత్రం ఫోన్ తీసి, చాలా ఏళ్ళుగా నొక్కని నంబరు నొక్కారు.

అవతల తోడల్లుడు ఎత్తినట్టున్నాడు. "నేనే," అన్నారీయన. అంతే, అటునుంచి కంగారుగా ఏవో ప్రశ్నలు. "అబ్బే, అందరూ బాగానే ఉన్నారు. ఎవరికీ ఏం కాలేదయ్యా! పుస్తకం ఉందా దగ్గర? తియ్యి. నూట పదమూడో పేజీ... పైన ఎవరి పేరుంది?"

అవతల పేజీలు తిరుగుతున్న చప్పుడు.

"అవును. నాదీ కాదు, నీదీ కాదు... వర్షం పడ్డమాట నిజమేనయ్యా, నేనేం కాదన్నానా? కొవ్వొత్తీ నిజమే. రాసింది మాత్రం ఆ అమ్మాయి." మళ్ళీ విని, తగ్గించిన గొంతుతో అన్నారు, "రచయితల కాపీలు పంపావా అప్పట్లో? నేను పంపానా? నువ్వు పంపుతావనుకున్నా నేను."

చెల్లెలు కప్పు కింద పెట్టింది. "అక్కా! మా అటక మీద ఒక కట్ట ఉందే. ఇన్నేళ్ళూ విప్పనేలేదు. దాని మీద పాత సూట్‌కేసు పెట్టాం."

ఆ ఆదివారం పంతులమ్మ ఇంకోసారి పద్నాలుగు చోట్లా మార్చింది. ఈసారి పని ఇంకొంచెం ఎక్కువైంది. "సంపాదకులు ధైర్యంగా ప్రకటించారు" అన్న చోట "ఆమె అంటుంది" అని రాయాల్సి వచ్చింది. "ఈ ఇద్దరు పెద్దల అనుభవం ఇక్కడ కనిపిస్తుంది" అన్న వాక్యం మొత్తం కొట్టేసింది. అత్తగారు పక్కన కూర్చుని అడిగింది, "ఆ ఎమ్మెల్యే ఒప్పుకున్నాడా?" అని.

"ఒప్పుకున్నాడు అత్తయ్యా. వండినవాళ్ళ పేరే ముందు పెట్టమన్నాడు."

"అయితే మంచివాడే," అంది అత్తగారు.

సోమవారం పొద్దున్నే చుక్కమ్మ కౌంటరు తెరిచేసరికి పంతులమ్మ నిలబడి ఉంది. చుక్కమ్మ థీసిస్ అందుకుని రెండువందల నలభై మూడో పేజీ తీసింది. ఎంట్రీ అక్కడ లేదు. కొత్త ఇంటిపేరుతో అది రెండువందల యాభైకి వెళ్ళింది. అక్కడ స్కేలు పెట్టి తన పేరు మీద నుంచి, అచ్చం అందరి పేర్ల మీద నుంచి పోయినట్టే, నెమ్మదిగా వెళ్ళింది. చివర్లో పెన్సిల్ ఆగింది.

"పేజీలు. నూట పదమూడు గీత నూట ముప్ఫై ఒకటి అని పూర్తిగా రాశారు. రెండో అంకెలో వంద తిరిగి రాయక్కర్లేదు. 113-31 చాలు."

"మేడమ్!" అంది పంతులమ్మ ఆపుకోలేక. "అది మీరు రాసిందే కదా! మొదటిసారే చెప్తే నాకు మూడు ఆదివారాలు మిగిలేవి!"

చుక్కమ్మ స్కేలు పక్కన పెట్టింది. "మీరైతే చెప్తారా? కౌంటర్లో కూర్చుని, ఇక్కడ నా పేరు పెట్టండి, లేకపోతే థీసిస్ కదలదు అంటే బాగుంటుందా? అయినా నేను చెప్తే మీరు నా మాట నమ్మి రాసేసేవారు. పుస్తకం చూసేవారు కాదు." తర్వాత గొంతు తగ్గించి, "నేనూ మనిషినే. రెండోసారి పెన్సిల్‌తో రాసేటప్పుడు కాస్త గట్టిగానే నొక్కాను," అంది.

పంతులమ్మ నవ్వబోయింది. చుక్కమ్మ నవ్వలేదు. థీసిస్‌లో నాలుగో అధ్యాయం తీసింది.

"ఇంకోటి. ఇది నా పని కాదు, కానీ చెప్పక తప్పదు. నూట పద్దెనిమిదో పేజీలోది అంటూ నా వాక్యం ఒకటి ఇచ్చారు. పోస్టు చెయ్యని ఉత్తరం అబద్ధమాడదు, ఎందుకంటే దానికి మెప్పించాల్సిన మనిషి లేడు. అంతేనా?"

"అంతేనండీ. అక్కడితో పేజీ అయిపోయింది."

"నూట పందొమ్మిది తిప్పారా?"

పంతులమ్మ సంచీలోంచి జిరాక్సు తీసింది. నూట పద్దెనిమిది తర్వాత నూట ఇరవై ఉంది. ఆ మధ్య కాగితం కూడా ఎప్పుడో జారిపోయింది. ఆరేళ్ళలో ఆమె గమనించలేదు.

"తర్వాతి వాక్యం," అంది చుక్కమ్మ, చూడకుండానే, "'అని మనం అనుకుంటాం. కానీ రాసుకునే మనిషి తననైనా మెప్పించుకోవాలి కదా.' నేను కాదన్నదాన్ని మీరు నేనే అన్నానని రాశారు. మీ గైడు, ఆయన తోడల్లుడు కూడా సభలో దాన్నే మెచ్చుకున్నారట."

పంతులమ్మ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నాలుగో అధ్యాయంలో నాలుగు పేజీలు ఆ ఒక్క వాక్యం మీదే కట్టింది. కాసేపటికి ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుతూనే కుర్చీ లాక్కుని కౌంటరు ముందు కూర్చుంది.

"అయితే ఆ నాలుగు పేజీలూ ఇప్పుడు ఏం చెయ్యాలి మేడమ్?"

"ఏం చెయ్యాలో మీరే ఆలోచించండి. నాతో విభేదించండి, తప్పులేదు. నేననని మాట నాతో అనిపించకండి, అంతే."

పంతులమ్మ సంచీలోంచి పాత బ్రౌన్ కాగితంలో చుట్టిన పుస్తకం తీసి ముందు పెట్టింది. దుమ్ము వాసన వేసింది. "మీ కాపీ. ఇరవై రెండేళ్ళు ఆలస్యంగా. ఇద్దరూ ఎవరికివారు అవతలాయన పంపాడనుకున్నారట. రేపు ఇద్దరూ కలిసి వచ్చి లైబ్రరీ కాపీ తిరిగిస్తామన్నారు."

చుక్కమ్మ కాగితం విప్పింది. అట్టని చేత్తో నిమిరింది. అచ్చులో ఆ వ్యాసాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. చేతిరాత ప్రతి ఒక్కటే ఇన్నేళ్ళూ ఇంట్లో ఉంది. వెనక ఇంకెవరో థీసిస్ పట్టుకుని దగ్గారు. ఆమె పుస్తకాన్ని సొరుగులో పెట్టి, కళ్ళు తుడుచుకుని, "తర్వాతి వాళ్ళు రండి," అంది.

పంతులమ్మ ఆ నాలుగు పేజీలూ మూడు రోజుల్లో తిరగరాసింది. రాసుకునేవాళ్ళు తమని తామే మెప్పించుకుంటారన్న మాట పట్టుకుంటే ఆమె వాదం కొత్త దారి పట్టింది. ముందున్న దానికంటే అదే బాగుందని గైడు గారు, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, ఒక్క ముక్కలో ఒప్పుకున్నారు. గడువుకి ఒక రోజు ముందు థీసిస్ ఆఫీసుకి చేరింది.

పుస్తకం చేతికొచ్చిన ఆ సోమవారం సాయంత్రం చుక్కమ్మ ఎప్పటి బస్సే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని నూట పదమూడో పేజీ తెరిచింది. పాతికేళ్ళు దాటిన వయసులో ఎంత నమ్మకంగా రాసిందో చూసి ఒక చోట నవ్వుకుంది. ఒక చోట "అబ్బో" అని పైకే అంది. పక్కనున్నాయన ఉలిక్కిపడి జరిగి కూర్చున్నాడు. చివరి పేజీ అయ్యేసరికి బస్సు ఆమె దిగాల్సిన చోటు దాటి మూడు స్టాపులు వచ్చేసింది. దిగి, పుస్తకం చంకలో పెట్టుకుని, ఆ దారంతా నడుచుకుంటూ వెనక్కి వెళ్ళింది.